రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టాక ఐపీ చిరునామాలు రావడం ఆగిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో రెండంతస్తుల ఇళ్లలోనూ పొడవాటి ఫ్లాట్లలోనూ హాల్లో బిగించిన ఫైబర్ పెట్టె సిగ్నల్ చివరి గదికి చేరదు. అటక మీది పాత రౌటర్‌ను దించి, కేబుల్ లాగి, యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకుంటారు. మంచి పనే. కానీ ఆ పనిలో రెండో రౌటర్ డీహెచ్‌సీపీని, అంటే చిరునామాలు పంచే సేవను, ఆపాలి. ఆపాల్సిన చోట కాకుండా మరోచోట ఆపేసి, మర్నాడు ఇల్లంతా ఇంటర్నెట్ పోయిందని కంగారు పడేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నవి ఇక్కడ ఉన్నాయి.

కింద “పెట్టె” అంటే ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె. ఉదాహరణల్లో దాని చిరునామా 192.168.1.1 అనుకున్నాం. మీ ఇంట్లో అది 192.168.0.1 కావచ్చు, 192.168.29.1 కావచ్చు. పెట్టె కింద అతికించిన కాగితం చూసి, మొదటి మూడు అంకెలు దానికి తగ్గట్టు మార్చుకోండి.

## మొదట కనిపించే లక్షణాలు

ఫోను వైఫైకి కలుస్తోంది కానీ “Obtaining IP address” దగ్గరే ఆగిపోతోంది. పాస్‌వర్డ్ తప్పు కొట్టానా?

కాదు. పాస్‌వర్డ్ తప్పయితే ఫోను ఆ మెట్టు దాకా రానే రాదు. వైఫై కలవడం, చిరునామా దొరకడం రెండు వేర్వేరు పనులు. మొదటిది అయింది, రెండోది కాలేదు. కలిసిన వెంటనే ఫోను “నాకు చిరునామా ఎవరిస్తారు?” అని నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా అడుగుతుంది. డీహెచ్‌సీపీ నడుస్తున్న పరికరం ఒక చిరునామా చూపిస్తుంది, ఫోను అదే కావాలంటుంది, అటునుంచి ఖాయమని జవాబు వస్తుంది. మామూలుగా ఇదంతా కనురెప్ప పాటులో అయిపోతుంది. జవాబిచ్చేవాళ్లే లేకపోతే ఫోను కాసేపు అడిగి అడిగి వదిలేస్తుంది. అందుకే నెట్‌వర్క్‌ను మరచిపోయి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టినా ఫలితం ఉండదు.

ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తోంది. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

ఎవరూ ఇవ్వలేదు, ల్యాప్‌టాప్ తనకు తానే పెట్టుకుంది. అడిగినా జవాబు రాకపోతే ఈ వరుసలోంచి ఒక చిరునామా తీసుకోవడం విండోస్‌కూ ఐఫోన్‌కూ అలవాటు. దానితో ఇంటర్నెట్‌కు వెళ్లలేరు, 192.168.1.1 పేజీ కూడా తెరుచుకోదు. ఒక రకంగా ఇది మంచి ఆనవాలు. కేబుల్ గానీ వైఫై గానీ సరిగ్గానే కలిసింది, లోపం చిరునామా పంచే దగ్గరే ఉందని దీన్నిబట్టి తేలిపోతుంది.

రాత్రి పెట్టినప్పుడు అన్నీ చక్కగా పనిచేశాయి. మర్నాడు ఒక్కొక్కటే ఎందుకు పోతున్నాయి?

చిరునామా శాశ్వతంగా ఇచ్చేది కాదు, గడువు మీద ఇచ్చేది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సెలవు మీద వెళ్తే అప్పటికే పార్కింగ్‌లో ఉన్న కార్లకు ఏమీ కాదు, కొత్తగా వచ్చినవే గేటు బయట నిలబడతాయి. డీహెచ్‌సీపీ ఆగిన ఇంట్లో కూడా పాత చిరునామాలు గడువు తీరేదాకా నడుస్తూనే ఉంటాయి.

గడువు 24 గంటలు అనుకుందాం. మీరు రాత్రి 9 గంటలకు డీహెచ్‌సీపీ ఆపారు. నాన్నగారి ఫోను ఆ రోజు ఉదయం 10 గంటలకు చిరునామా తీసుకుని ఉంది. సగం గడువు అయ్యాక, అంటే రాత్రి 10కి, పొడిగించమని పెట్టెను అడుగుతుంది. జవాబు రాదు. అయినా పాత చిరునామాతోనే నడుస్తుంది. గడువులో ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక, అంటే తెల్లవారి 7 గంటలకు, ఎవరైనా సరే పొడిగించండని నెట్‌వర్క్ అంతటినీ అడుగుతుంది. అప్పుడూ జవాబు లేదు. 10 గంటలకు చిరునామా వదిలేస్తుంది. రాత్రి 7 గంటలకు చిరునామా తీసుకున్న టీవీ మాత్రం మర్నాడు రాత్రి 7 దాకా హాయిగా నడుస్తుంది. కొన్ని రౌటర్లలో గడువు 2 గంటలే, అక్కడ ఇదంతా ఒక్క పూటలోనే తేలిపోతుంది.

మధ్యలో కరెంటు పోయి పెట్టె ఆగి మొదలైందంటే ఇంత వాయిదా ఉండదు. వైఫై తెగిన ప్రతి పరికరమూ మళ్లీ చిరునామా కోసం అడగడానికి వస్తుంది. “కరెంటు పోయి వచ్చాక రౌటర్ చెడిపోయింది” అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటి అసలు సంగతి ఇదే.

యూట్యూబ్ వస్తోంది, బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు. ఇదేం విచిత్రం?

మీ కనెక్షన్‌లో ఐపీవీ6 కూడా ఉందన్నమాట. ఆ కొత్త తరం చిరునామాను పరికరం చాలా ఇళ్లలో డీహెచ్‌సీపీతో పని లేకుండా, పెట్టె పంపే ప్రకటన చూసి తానే తయారు చేసుకుంటుంది. అందుకని ఐపీవీ6లో దొరికే యూట్యూబ్ వంటివి తెరుచుకుంటాయి, పాత ఐపీవీ4లో మాత్రమే ఉన్నవి తెరుచుకోవు. సగం పనిచేస్తోంది కదా అని లోపం బ్యాంకు యాప్ మీదకు నెట్టకండి. ఫోనులో వైఫై వివరాలు తెరిచి చూడండి. 192.168తో మొదలయ్యే చిరునామా అక్కడ లేకపోతే డీహెచ్‌సీపీ ఆగిపోయిందనే అర్థం.

సీసీ కెమెరాల డీవీఆర్ మాత్రం ఆగకుండా నడుస్తోంది. ఎలా?

బిగించినవాళ్లు దానికి చిరునామా చేత్తో రాసి పెట్టి ఉంటారు. అది ఎవరినీ అడగదు, కాబట్టి దానికి తెలియనే తెలియదు.

## ఎక్కడ ఆగిపోయింది

నేను రెండో రౌటర్‌లోనే ఆపాను. పెట్టెలోది ఎలా ఆగిపోయింది?

మీరు తెరిచిన పేజీ రెండో రౌటర్‌ది కాకపోయి ఉండవచ్చు. మల్కాజ్‌గిరిలోని ఒక రెండంతస్తుల ఇంట్లో జరిగినది చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

కింద హాల్లో పెట్టె, చిరునామా 192.168.1.1. పై గదిలో పాత రౌటర్. దాని తయారీ చిరునామా కూడా 192.168.1.1 కావడమే మొత్తం కథకు మూలం. ఆ ఇంటాయన ముందుగానే కింది నుంచి కేబుల్ లాగి పాత రౌటర్‌కు గుచ్చారు. తర్వాత ల్యాప్‌టాప్‌ను పాత రౌటర్‌కు కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టారు. ఒకే చిరునామాకు ఇద్దరు యజమానులు ఉన్నప్పుడు ఎవరి జవాబు అందితే వాళ్ల పేజీ తెరుచుకుంటుంది. చేతి పక్కన ఉన్నది పాత రౌటరే అయినా, తెరుచుకున్నది కింద ఉన్న పెట్టె పేజీ. రెండింటికీ లాగిన్ పేరు, పాస్‌వర్డ్ కూడా admin కావడంతో అనుమానం రాలేదు. అక్కడ డీహెచ్‌సీపీ ఆపి, సేవ్ చేశారు.

కాసేపటికి పెట్టె కేబుల్ తీసి, పాత రౌటర్ అసలు పేజీలోకి వెళ్లి Access Point మోడ్ ఎంచుకున్నారు. ఆ మోడ్‌లోకి మారగానే ఆ రౌటర్ తన డీహెచ్‌సీపీని తానే ఆపుకుంది. అలా ఆపుకోవడమే దాని ధర్మం. కేబుల్ మళ్లీ గుచ్చేసరికి ఇంట్లో చిరునామా పంచేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఉన్న చిరునామాల గడువు తీరనందువల్ల ఆ రాత్రి ఎవరికీ తెలియలేదు.

ఏ పేజీలో ఉన్నామో గుర్తుపట్టడం కష్టం కాదు. పేజీ పైన మోడల్ పేరు ఉంటుంది, దాన్ని పరికరం కింది కాగితంతో పోల్చండి. PON అనో Optical Power అనో రాసిన మెనూ కనిపిస్తే అది ఫైబర్ పెట్టే. పాత రౌటర్‌లో అలాంటిది ఉండదు. ఇంకా అనుమానం ఉంటే విండోస్‌లో ఈ ఆదేశం ఇవ్వండి.

```
arp -a
```

వచ్చిన జాబితాలో 192.168.1.1 ఎదురుగా ఉన్న మ్యాక్ చిరునామాను రెండు పరికరాల కాగితాలతో పోల్చండి. చివరి ఒకటి రెండు అక్షరాలు తేడా ఉన్నా ఫరవాలేదు, మొదటి సగం ఏ పరికరానికి సరిపోతే పేజీ దానిదే.

పెట్టెను నేను ముట్టుకోనే లేదు. రెండో రౌటర్‌లో Access Point మోడ్ నొక్కాను, అంతే. మరి ఇల్లంతా ఎందుకు ఆగింది?

అయితే మీ ఇంట్లో మొదటి నుంచీ చిరునామాలు పంచుతున్నది పెట్టె కాదు, మీరు “రెండోది” అనుకుంటున్న రౌటరే. కొన్ని ఇళ్లలో పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెడతారు. అప్పుడది ఫైబర్‌ను మామూలు కేబుల్‌గా మార్చి ఊరుకుంటుంది. లాగిన్, చిరునామాల పంపకం, అన్నీ దాని తర్వాతి రౌటర్ చూసుకుంటుంది. కంపెనీ మనిషి గోడలోంచి నేరుగా నెట్‌వర్క్ కేబుల్ తెచ్చి రౌటర్‌కు గుచ్చి వెళ్లిన ఫ్లాట్లలోనూ ఇదే పరిస్థితి. అలాంటి రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చితే ఇంటికి రౌటరే లేకుండా పోతుంది.

పెట్టె ఉంటే దాని సెట్టింగుల్లో కనెక్షన్ పక్కన Bridge అని రాసి ఉందేమో చూడండి. ఇంకో ఆనవాలు కూడా ఉంది. ముందుగా కలిసిన ఒక్క ఫోనుకు ఇంటర్నెట్ వచ్చి మిగతావాటికి రాకపోతే, కంపెనీ తన వైపు నుంచి ఇస్తున్న ఒకే ఒక చిరునామాను ఆ ఫోను పట్టుకుపోయిందన్నమాట. ఇక్కడ ఎక్కడో మీట తిరిగి నొక్కితే సరిపోదు. ఆ రౌటర్‌ను మళ్లీ Router మోడ్‌కు మార్చి, దూరపు గదికి వేరే యాక్సెస్ పాయింట్ పెట్టుకోవాలి. లేదా, పెట్టె ఉన్న ఇళ్లలో, దాన్ని బ్రిడ్జ్ నుంచి రౌటర్ మోడ్‌కు మార్చమని కంపెనీని అడగాలి. రెండో దారే తేలిక, అదనపు ఖర్చు ఉండదు.

## మళ్లీ ఆన్ చేయడం

చిరునామా లేనిదే పెట్టె పేజీ తెరుచుకోదు, పేజీ తెరవనిదే చిరునామా రాదు. ఎలా లోపలికి వెళ్లాలి?

ల్యాప్‌టాప్‌కు మీరే ఒక చిరునామా రాసి ఇవ్వండి. డీహెచ్‌సీపీ ఆగినా పెట్టె బతికే ఉంది, 192.168.1.1 దగ్గరే ఉంది. దానితో మాట్లాడటానికి అదే వరుసలో ఒక చిరునామా ఉంటే చాలు.

ముందు రెండో రౌటర్ కేబుల్ తీసేయండి. ఒకే చిరునామాతో రెండు పరికరాలు ఉన్నాయన్న అనుమానం ఉండగా ఇంకేదీ మార్చవద్దు. ల్యాప్‌టాప్‌ను పెట్టె ల్యాన్ పోర్టుకు కేబుల్‌తో కలపండి. విండోస్ 11లో Settings, అందులో Network & internet, అందులో Ethernet తెరిచి, IP assignment పక్కన Edit నొక్కి Manual ఎంచుకోండి. IPv4 ఆన్ చేసి ఇవి రాయండి.

```
IP address   192.168.1.50
Subnet mask  255.255.255.0
Gateway      192.168.1.1
```

విండోస్ 10 మాస్క్ బదులు Subnet prefix length అడుగుతుంది, అక్కడ 24 రాయాలి. సేవ్ చేశాక బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే లాగిన్ పేజీ రావాలి. రాకపోతే అంకెల వరుస తప్పు. పెట్టె కాగితం మీద మొదటి మూడు అంకెలు మరోసారి చూసుకోండి. చివరి అంకెగా 50 అనేది నా ఎంపిక మాత్రమే. మీ డీవీఆర్‌కు అదే ఇచ్చి ఉంటే ఇంకేదైనా తీసుకోండి.

మా ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు. ఫోనుతో అవుతుందా?

అవుతుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు పక్కనున్న గుర్తు నొక్కి, మార్చే చోటకు వెళ్లి, IP settings దగ్గర DHCP తీసి Static పెట్టండి. చిరునామా 192.168.1.50, గేట్‌వే 192.168.1.1, Network prefix length 24, DNS 1 దగ్గర 8.8.8.8 రాయండి. ఐఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న i గుర్తు నొక్కితే Configure IP ఉంటుంది, దాన్ని Manual చేయాలి. ఆ తర్వాత మొబైల్ డేటా ఆపి బ్రౌజర్‌లో పెట్టె పేజీ తెరవండి. డేటా ఆన్‌లో ఉంటే కొన్ని ఫోన్లు పెట్టె వైపు పోకుండా డేటా మీద వెతుకుతూ కూర్చుంటాయి.

పెట్టె పేజీలో ఆ మీట ఎక్కడ ఉంటుంది? పక్కనున్న ఖాళీల్లో ఏమి రాయాలి?

సాధారణంగా LAN లేదా Network అన్న మెనూలో DHCP Server పేరుతో ఉంటుంది. Enable చేయండి. Relay అని ఇంకో ఎంపిక కనిపిస్తే దాని జోలికి పోవద్దు, అది అడిగినవాళ్లను మరో సర్వర్‌కు పంపేది.

మొదటి చిరునామా 192.168.1.100, చివరిది 192.168.1.200 పెట్టండి. ఇంటికి నూటొక్క చిరునామాలు ధారాళం. 100 కంటే తక్కువవి యాక్సెస్ పాయింట్‌కూ, డీవీఆర్‌కూ, ప్రింటర్‌కూ చేత్తో ఇచ్చుకోవడానికి మిగులుతాయి. గేట్‌వే అడిగితే 192.168.1.1. గడువు దగ్గర కాస్త జాగ్రత్త. కొన్ని పరికరాలు దాన్ని సెకన్లలో అడుగుతాయి, కొన్ని నిమిషాల్లో. ఒక రోజుకు 86400 సెకన్లు, 1440 నిమిషాలు. సెకన్లు అడిగే చోట 120 అని రాసి సేవ్ చేస్తే గడువు రెండు గంటలు కాదు, రెండు నిమిషాలే అవుతుంది, సగం గడువుకే అంటే నిమిషానికోసారి ఇంట్లోని పరికరాలన్నీ పెట్టె తలుపు తడుతుంటాయి.

సేవ్ నొక్కడం మరవకండి. చాలా పేజీల్లో మీట తిప్పినంత మాత్రాన మార్పు నిలవదు.

ఈ గొడవంతా ఎందుకు, సూదితో రీసెట్ బొక్క నొక్కేస్తే పోదా?

ఫైబర్ పెట్టె మీద ఆ పని చేయకండి. డీహెచ్‌సీపీ ఆన్ అవుతుంది, నిజమే. దానితోపాటు కంపెనీ రాసిపెట్టిన లాగిన్ వివరాలు కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు చిరునామాలు వస్తాయి కానీ ఇంటర్నెట్ రాదు, మనిషి వచ్చేదాకా ఎదురుచూడాలి. పాత రౌటర్‌ను రీసెట్ చేసుకోవచ్చు. కాకపోతే దాని కేబుల్ తీసి చేయండి, ఎందుకంటే రీసెట్ తర్వాత అది తన డీహెచ్‌సీపీని, తయారీ చిరునామాను తిరిగి తెచ్చుకుంటుంది.

పెట్టె పాస్‌వర్డ్ కంపెనీ మార్చేసింది, లోపలికి రానివ్వడం లేదు. ఏం చేయాలి?

వాళ్లకు ఫోను చేసి “ఇంటర్నెట్ రావడం లేదు” అనకండి. అలా అంటే పెట్టె ఆపి మళ్లీ వేయమంటారు, ఫైబర్ చూడటానికి ఎవరినో పంపుతామంటారు. “పెట్టెలో డీహెచ్‌సీపీ సర్వర్ ఆగిపోయింది, ఆన్ చేయండి” అని సూటిగా చెప్పండి. చాలా కంపెనీలు పెట్టె సెట్టింగులను తమ ఆఫీసు నుంచే మార్చగలవు.

అది తేలేదాకా రెండో రౌటర్‌తో చిరునామాలు పంచించవచ్చు. దాని డీహెచ్‌సీపీ ఆన్ చేసి, Default Gateway అన్న చోట తన చిరునామా కాకుండా పెట్టె చిరునామా 192.168.1.1 రాయాలి. అలా రాయనివ్వని రౌటర్ అయితే ఈ దారి మూసుకున్నట్టే.

## ఆన్ చేసిన తర్వాత

ఆన్ చేశాను, అయినా ల్యాప్‌టాప్‌కు కొత్త చిరునామా రావడం లేదు. ఎందుకు?

దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే. లోపలికి వెళ్లడానికి చేత్తో రాసిన 192.168.1.50 ఇంకా అలాగే ఉంది. IP assignment మళ్లీ Automatic చేయండి. ఫోనులో అయితే Static తీసి DHCP పెట్టండి. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఈ రెండు ఆదేశాలు ఇవ్వండి.

```
ipconfig /release
ipconfig /renew
```

వచ్చే జవాబులో 192.168.1.100కీ 200కీ మధ్య చిరునామా కనిపిస్తే పని అయినట్టే. ఫోన్లకు వైఫై ఒకసారి ఆపి పెడితే చాలు. టీవీని స్విచ్ దగ్గర ఆపండి, రిమోట్‌తో ఆపితే కొన్ని టీవీలు నిద్రపోతాయే తప్ప నెట్‌వర్క్ వదలవు.

భయమెందుకని రెండింట్లోనూ ఆన్ చేసి ఉంచాను. నష్టమేమిటి?

ఒకే ఇంట్లో ఇద్దరు పంచితే ఎవరి జవాబు ముందు అందితే పరికరం దాన్నే తీసుకుంటుంది. రెండో రౌటర్ తన చిరునామానే గేట్‌వేగా చెబుతుంది, దానికేమో ఇంటర్నెట్ దారి తెలియదు. కాబట్టి అదే గదిలో, అదే వైఫై మీద ఒక ఫోనుకు ఇంటర్నెట్ ఉంటుంది, పక్క ఫోనుకు ఉండదు. పైగా ఇద్దరూ ఒకే చిరునామాను ఇద్దరికి ఇచ్చే ప్రమాదమూ ఉంది. పూర్తిగా ఆగిపోయిన డీహెచ్‌సీపీ కంటే పట్టుకోవడానికి ఇది చాలా కష్టమైన లోపం.

ల్యాప్‌టాప్‌కు చిరునామా ఎవరిచ్చారో ఇలా తెలుస్తుంది.

```
ipconfig /all
```

అందులో DHCP Server అన్న వరుస చూడండి. 192.168.1.1 ఉంటే పెట్టె ఇచ్చింది. 192.168.1.2 వంటిది ఉంటే రెండోది ఇంకా పంచుతోంది, దాన్ని ఆపాలి.

రెండో రౌటర్‌ను మళ్లీ కలపాలి. ఈసారి ఏ వరుసలో చేయాలి?

పెట్టె కేబుల్ గుచ్చకుండా మొదలుపెట్టండి. రెండో రౌటర్‌కు ల్యాప్‌టాప్ ఒక్కటే కలపాలి, ల్యాప్‌టాప్ వైఫై కూడా ఆపాలి. అప్పుడు 192.168.1.1 కొడితే తెరుచుకునే పేజీ ఇంకెవరిదీ కాలేదు. ముందుగా దాని ల్యాన్ చిరునామాను 192.168.1.2 చేయండి. రౌటర్ ఆగి మొదలయ్యాక 192.168.1.2 కొట్టి లోపలికి వెళ్లి, వైఫై పేరు, పాస్‌వర్డ్ రాసి, చివరగా డీహెచ్‌సీపీ ఆపండి. ఇదే ముందు ఆపితే మిగతా సెట్టింగులకు ల్యాప్‌టాప్‌కే చిరునామా లేకుండా పోతుంది.

ఆ తర్వాతే పెట్టె నుంచి వచ్చిన కేబుల్ గుచ్చాలి, అదీ WAN అని రాసిన పోర్టులో కాదు, ల్యాన్ పోర్టుల్లో ఒకదానిలో. మెనూలో విడిగా Access Point మోడ్ ఉన్న రౌటర్లలో ఆ మోడ్ ఎంచుకుంటే WAN పోర్టు కూడా మామూలు పోర్టులాగే పనిచేస్తుంది.

ఇప్పుడు రెండో రౌటర్ పేజీ తెరవాలంటే ఏ చిరునామా కొట్టాలి?

మీరు రాసింది 192.168.1.2 అయితే అదే. మోడ్ మెనూతో మార్చినవి మాత్రం కొన్ని తమ చిరునామాను కూడా పెట్టెనే అడిగి తీసుకుంటాయి. అలాంటప్పుడు పెట్టె పేజీలో, చిరునామాలు తీసుకున్న పరికరాల జాబితాలో దాని మ్యాక్ వెతికి, ఎదురుగా ఉన్న చిరునామా కొట్టండి. ఆ అంకెలు పరికరం మీదే స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాది వెతుకులాట ఉండదు.